ట్రావెల్ రూటర్ బ్యాగుల ఏస్కొని మూడు వారాలు తిరిగిన, ఫ్రీ వైఫై స్పీడ్ పెరిగిందా మరి?

నమస్తే అందరికీ. ఇగో ఇదే ఆ డబ్బా. సబ్బు పెట్టె అంత ఉన్నది, షర్టు జేబుల పడతది. కేఫుదో టేషన్‌దో వైఫైని ఇది పట్టుకొని, మన సొంత వైఫై లెక్క మళ్ల మన ఫోన్లకు ఇస్తది. కంపెనోళ్లు ఫ్రీగా పంపిండ్రు, పైసలైతే ఇయ్యలే, వీడియో ముందుగాల మాకు చూపియ్యి అని కూడ అనలే. స్పెక్సు మీరు ఇప్పటికే వేరే ఛానళ్లల చూసే ఉంటరు, మళ్ల అవి చదువుకుంట కూసోను. నాకు కావాల్సింది ఒక్కటే, కేఫుల, టేషన్ల, రైల్ల నెట్టు నత్తలెక్క నడుస్తుంటె ఇది ఏమన్న చేస్తదా?

ఫస్టు హన్మకొండల ఒక కేఫు. పేరు చెప్ప, పాపం చాయ్ మంచిగ చేస్తరు. నేను మూలకు కూసుంట ఎప్పుడు, వెనుక కిచెన్ గోడ. ఆడ నెట్టు ఆగుకుంట ఆగుకుంట వస్తది. ఇట్లాంటప్పుడు అందరు స్పీడ్ టెస్టు కొడ్తరు, నేను గూడ కొట్టేటోణ్ణి, కానీ దాంతోని స్లో అని తెలుస్తది గనీ ఎక్కడ స్లో అన్నది తెల్వది. మీ నుంచి కేఫు రూటర్ దాకా ఒక ముక్క, ఆ రూటర్ నుంచి బయటి నెట్టు దాకా ఇంకో ముక్క. రెండిట్ల ఏది ఖరాబైందో చూడాలె. ల్యాప్‌టాప్‌ల Command Prompt తెరిచి ఈ రెండు లైన్లు కొట్టుండ్రి, ఒక చిన్న ముక్క ఆడిదాక పోయి రానీకి ఎంత టైము పట్టిందో చూపిస్తది:

```
ping 192.168.1.1
ping 8.8.8.8
```

మొదటిది కేఫు రూటర్ అడ్రస్. ఒక్కో జాగల ఒక్కోటి ఉంటది, వైఫై డీటెయిల్స్‌ల Gateway అని కనిపిస్తది, అదే కొట్టాలె. రెండోది బయటి నెట్టుల ఉన్న గూగుల్ వాళ్ల అడ్రస్. కొన్ని జాగలల్ల గేట్‌వే పింగుకు జవాబే ఇయ్యది, అట్లయితే ఈ పరీక్ష పనిజెయ్యది, అది ముందే చెప్తున్న. నా మూలల గేట్‌వే పింగే 200 మిల్లీసెకండ్లు చూపెట్టింది, నడుమ నడుమ టైమౌట్. అంటే లైను దోషం కాదు, గాలిల దోషం. సరిగ్గ అప్పుడే వెనుక మైక్రోవేవ్ ఓవెన్ టింగ్ అన్నది, పింగు ఒక్కసారి 6కి పడిపోయింది! ఓవెన్ నడిచేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర, పాత వైఫై బ్యాండు 2.4, రెండు ఒకే తొవ్వల కొట్లాడుతయి. పఫ్ వేడి చేసినప్పుడల్ల నా మీటింగు పోతుంది అన్నమాట. ఇన్నాళ్లు నేను ఆ కేఫాయన నెట్టు బిల్లు కట్టలేదేమో అనుకున్న.

ఇక్కడ మాత్రం డబ్బా పనికొచ్చింది, ఒప్పుకోవాలె. రెండు టేబుళ్ల అవతల ప్లగ్గు దగ్గర పెట్టిన, కేఫు నెట్టును 2.4 మీద తీస్కొని నాకు 5 గిగాహెర్ట్జ్ మీద ఇచ్చేటట్టు సెట్ చేసిన. ఓవెన్ దూరమైంది, పని నడిచింది. కానీ రెండు బ్యాండ్లు వాడాలె, యాదికుంచుకోండ్రి. ఒకే బ్యాండు మీద తీస్కొని అదే బ్యాండు మీద ఇస్తే ప్రతి డేటా ముక్క గాలిల రెండు సార్లు పోవాలె, స్పీడ్ సగం పోతది. నా పాత రిపీటరు, నాలుగేండ్ల కింద కొన్నది, గదే చేసేది, అందుకే అటక మీద పడున్నది. ఇంక నిజం చెప్పాలంటె, కుర్చీ జరుపుకొని కూసున్నా ఇదే ఫాయిదా వస్తుండె.

రెండో రోజు అదే కేఫు. గేట్‌వే పింగు 4, బ్రహ్మాండం. 8.8.8.8 పింగు మాత్రం 700. అంటే గాలి మంచిగున్నది, బయటికి పోయే లైను నిండింది. ఎవరో ఏదో అప్‌లోడ్ పెట్టిండ్రు అని చుట్టుపక్కల అందరిని అనుమానంగ చూసిన, ఒక పిల్లగాడు పబ్జీ ఆడుతుండు, వాణ్ణి గూడ గుర్రున చూసిన. దొంగ ఎవరో తెలుసా? నా జేబులనే ఉన్నడు. పొద్దుగాల వేయి స్తంభాల గుడి కాడ 4కె వీడియోలు తీసిన, నా ఫోను అవన్ని బ్యాకప్ ఎక్కిస్తుంది. అప్‌లోడ్ తొవ్వ నిండితే రూటర్‌ల లైను కడ్తది, చిన్న చిన్న ముక్కలు గూడ ఆ లైన్ల నిలబడాలె, అందుకే పేజీ తెరుచుకోదు. బ్యాకప్ ఆపిన, 10 సెకండ్లల 700 కాస్తా 40 అయింది.

ఇప్పుడు నాకు ఈ డబ్బా మీద కోపం వచ్చిన సంగతి చెప్త. మాములుగ కేఫు వైఫైని మీరు ఫోన్ల Metered అని పెట్టొచ్చు, విండోస్‌ల గూడ Metered connection అని ఉంటది, ఐఫోన్‌ల Low Data Mode. అట్ల పెడితె బ్యాకప్‌లు, అప్‌డేట్లు చానా వరకు ఆగి కూసుంటయి. ఈ డబ్బాకు కనెక్ట్ అయినంక ఏమైందంటె, ఫోనుకు కేఫు కనిపియ్యది, డబ్బా పేరొక్కటే కనిపిస్తది, రోజు ఇంట్ల వాడే వైఫై లెక్కనే అనుకొని ఫోను, ల్యాప్‌టాప్, ట్యాబు అన్ని ఒక్కసారి బ్యాకప్‌లు మొదలు పెట్టినయి. డబ్బాల పుస్తకం ఇచ్చిండ్రు, ఇరవై పేజీలు, ఈ ఒక్క ముక్క ఎక్కడ రాయలే. డబ్బా నెట్టును కూడ Metered పెట్టుండ్రి, ప్రతి ఫోన్ల, ప్రతి ల్యాప్‌టాప్‌ల.

కాజీపేట టేషన్ల ఇది ఇంక బాగ అర్థమైతది. రైల్‌టెల్ వాళ్ల వైఫై, ఓటీపీతోని లాగిన్, రోజుకు 30 నిమిషాలు 1 ఎంబీపీఎస్ ఫ్రీ, ఆ తర్వాత పైసలు. లెక్క కట్టుండ్రి: 1 ఎంబీపీఎస్ అంటె సెకనుకు 125 కిలోబైట్లు, అరగంట మొత్తం పూర్తి స్పీడ్ వచ్చినా 225 ఎంబీ. ఒక 3 ఎంబీ ఫొటోకే 24 సెకండ్లు. డబ్బా గుణం ఏందంటె ఒక్క లాగిన్‌తోని మీ మూడు పరికరాలు నడుస్తయి అని. మంచిదే, కానీ ఆ 225 ముగ్గురు పంచుకోవాలె గదా అన్నా!

లాగిన్ కథ వేరే. డబ్బా టేషన్ నెట్టుకు అతుక్కున్నది, లాగిన్ పేజీ మాత్రం రాలే. ఇరవై నిమిషాలు పోయినయి, రైలు అనౌన్స్‌మెంట్ గూడ అయింది. కారణం డబ్బాల ఉన్న ఒక సేఫ్టీ సెట్టింగు, Rebinding protection. బయటి పేరు అడిగితె లోపలి అడ్రస్ జవాబుగ వస్తే మోసమని ఆపేస్తది, లాగిన్ పేజీ ఉండేదేమో లోపలి అడ్రస్ మీదనే. అది బంద్ జేసిన, బ్రౌజర్‌ల neverssl.com కొట్టిన, వెంటనే పేజీ వచ్చింది. లాగిన్ అయినంక మళ్ల ఆన్ చేస్కోండ్రి. డబ్బా లేకుంట ఉత్త ఫోన్లనే పేజీ రాకపోతె Private DNS, వీపీఎన్ రెండు బంద్ చేసి అదే neverssl.com కొట్టుండ్రి, ఎక్కువసార్లు వస్తది.

ఏర్‌పోర్టు గురించి ఎక్కువ లేదు. గేటు కాడ మందంత ఒకే వైఫై పెట్టె మీద పడ్తరు, రెండు గేట్లు అవతల ఖాళీగున్న కాడ కూసుంటె సరిపోతది.

రైల్ల అయితె వైఫై ఆశే పెట్టుకోకుండ్రి, మన ఫోను డేటానే దిక్కు. కాగజ్‌నగర్ దాటినంక అడివి, సిగ్నల్ పోతది వస్తది. ఏసీ బోగీ మొత్తం ఇనుము, అద్దాలకు పూత, అందుకే తలుపు కాడ రెండు గీతలు ఎక్కువ వస్తయి. నేను ఫోనును యూఎస్‌బీ తీగతోని ల్యాప్‌టాప్‌కు పెట్టిన, హాట్‌స్పాట్ కంటె వేడి తక్కువ, చార్జింగు గూడ ఎక్కుతది. డబ్బా బ్యాగులనే ఉండె.

అయితె కొనాల్నా? హోటల్ల మూణ్ణెల్లు ఉండేటోళ్లయితె, ఇంట్లందరికి ఒక్కటే లాగిన్ కావాలంటె, కొనుండ్రి. నాసొంటి కేఫు మనిషికి వద్దు. డబ్బాను మా బావకు ఇచ్చిన, సైట్ పని మీద రామగుండంల లాడ్జిల ఉంటడు. నిన్న ఫోన్ చేసి "లాగిన్ పేజ్ వస్తలేదురా" అన్నడు, సెట్టింగు చెప్పిన. అటక మీది పాతదాన్ని మాత్రం ఎవ్వరు అడగకుండ్రి.