పేరు మారింది, ఖాతా నంబరు మారలేదు

అందరికీ నమస్కారం.

నా వెనుక తెర మీద కనిపిస్తున్నదే మన కంపెనీ కొత్త పేరు. చివరి వరుసల్లో ఉన్నవారు కూడా చదివే ఉంటారు. లోగో గురించి, రంగుల గురించి డిజైన్ బృందం తర్వాత చెబుతుంది. నాకంటే వాళ్లు బాగా చెబుతారు. పాత పేరును ఎందుకు వదులుకున్నామో, రేపటి నుంచి మీరు దేని విషయంలో జాగ్రత్తగా ఉండాలో చెప్పి నేను కూర్చుంటాను.

మన పాత పేరులో ‘బిల్లింగ్’ అన్న మాట ఉంది. మొదట్లో అది మనకు మేలే చేసింది. పేరు వినగానే మనం ఏం అమ్ముతామో తెలిసిపోయేది. ఆ తర్వాత సరుకు నిల్వల లెక్కలు, జీతాల లెక్కలు కూడా చేపట్టాం. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా ఒకటే ప్రశ్న: ‘‘మీరు చేసేది బిల్లులే కదా?’’

ఇంకో చిక్కు ట్రేడ్‌మార్కుది. అమ్మే వస్తువును వర్ణించే మాటను ఒక్కరి సొత్తుగా నమోదు చేయడానికి చట్టం సాధారణంగా ఒప్పుకోదు. అది ఆ వ్యాపారంలో ఉన్న అందరికీ అవసరమైన మాట కాబట్టి ఆ పట్టుదలలో న్యాయం ఉంది. కానీ దాని ఫలితంగా, మనలాంటి పేరే పెట్టుకున్నవారిని మనం ఆపలేకపోయాం. వాళ్ల ఖాతాదారులు మనకు ఫోన్ చేసి తిట్టిన తిట్లు వినాలనుకుంటే సపోర్టు బృందాన్ని అడగండి.

1958లో టోక్యో సుషిన్ కోగ్యో అనే కంపెనీ తన పేరును సోనీ అని మార్చుకుంది. పేరు పక్కన ఎలక్ట్రానిక్స్‌ను సూచించే మాట ఒకటి ఉంచమని వాళ్ల బ్యాంకు కోరింది. కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన అకియో మొరిటా ఒప్పుకోలేదు. కంపెనీని ఒక్క వ్యాపారానికి కట్టేయడం ఆయనకు ఇష్టం లేదు. తర్వాత ఆ కంపెనీ సంగీతంలోకి, సినిమాల్లోకి, బీమాలోకి కూడా వెళ్లింది. దీనికి వ్యతిరేకమైన కథా ఉంది. బ్రిటన్ తపాలా సంస్థ 2001లో కన్సిగ్నియా అని పేరు మార్చుకుని, జనం నవ్వేసరికి మరుసటి ఏడాదే దాన్ని వదిలేసి, జనానికి తెలిసిన రాయల్ మెయిల్ పేరు పెట్టుకుంది. తరతరాలుగా జనం నోట నానిన పేరును వదులుకోవడం వేరు. మన పాత పేరు కోసం కన్నీళ్లు పెట్టుకునేవారు ఈ గది బయట ఎవరూ లేరు. గదిలో కొందరు ఉండవచ్చు, అందులో నేనూ ఒకడిని.

ఇక మారనివాటి గురించి. చట్టం దృష్టిలో మనది పాత సంస్థే. రిజిస్ట్రేషన్ నంబరు అదే. ఇప్పటికే కుదిరిన ఒప్పందాలు, మీ నియామక పత్రాలు యథాతథంగా చెల్లుతాయి, మళ్లీ సంతకాలు అక్కర్లేదు. ఫోన్‌లో మన ఆండ్రాయిడ్ యాప్ కొత్త పేరుతో కనిపిస్తుంది గానీ, దాని ప్యాకేజీ పేరులో పాత పేరే ఉంటుంది. దాన్ని మారిస్తే ప్లే స్టోర్ దాన్ని కొత్త యాప్‌గా లెక్కిస్తుంది, వాడుతున్నవారికి అప్‌డేట్లు అందవు. కాబట్టి ఇంజనీర్లు ఎంత శుభ్రత ప్రేమికులైనా దాని జోలికి వెళ్లవద్దు. పాత డొమైన్‌నూ వదలం. అది గడువు తీరి ఇతరుల చేతికి వెళితే, మన పాత చిరునామాలకు వచ్చే ఉత్తరాలూ పాస్‌వర్డ్ మార్పిడి లింకులూ వాళ్లకే చేరతాయి.

నాకు నిజంగా భయం కలిగించేది మరొకటి ఉంది. మనం పేరు మార్చుకున్నామని లోకానికి చెప్పిన రోజు నుంచే మోసగాళ్లకు మంచి సాకు దొరుకుతుంది. ఒక ఖాతాదారు అకౌంట్స్ విభాగానికి మెయిల్ వస్తుంది. పైన మన కొత్త లోగో, కింద మనలో ఒకరి పేరు. ‘‘మా పేరు మారింది, దానితోపాటు బ్యాంకు ఖాతా కూడా మారింది, ఈ నెల బిల్లు ఈ నంబరుకు పంపండి’’ అని ఉంటుంది. చిరునామాలో ఒక్క అక్షరం తేడా. మామూలు రోజుల్లో అయితే అనుమానించేవారు కూడా ఇప్పుడు నమ్ముతారు, ఎందుకంటే ఆ మెయిల్లో మొదటి సగం నిజం. డబ్బు వెళ్లిపోయిన సంగతి మనం బకాయి గుర్తుచేసినప్పుడు గాని బయటపడదు, అప్పటికి ఆ ఖాతా ఖాళీ అయి ఉంటుంది.

అందుకే ప్రకటనతో పాటు ప్రతి ఖాతాదారుకూ ఒక వాక్యం వెళుతోంది: మా ఖాతా నంబరు మారలేదు, మారిందని ఎవరు చెప్పినా మీ దగ్గర ముందు నుంచీ ఉన్న ఫోన్ నంబరుకు చేసి అడగండి. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాదు, అక్కడ ఎత్తేది మోసగాడే. మన బ్యాంకు ఖాతా మీద ఉన్న పేరును మాత్రం బ్యాంకు మారుస్తుంది, కాబట్టి డబ్బు పంపేటప్పుడు కొత్త పేరు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదని కూడా చెప్పండి. మనకు సరుకు అమ్మేవారి పేరుతోనూ ఇలాంటి మెయిల్సే రావచ్చు. నా పేరుతో ‘అత్యవసరం’ అంటూ వస్తే మరీ అనుమానించండి. ఫోన్ చేసి నన్నే అడగండి, నేను ఏమీ అనుకోను.

కొత్త డొమైన్ నుంచి మొదట్లో మన మెయిల్స్ కొన్ని స్పామ్‌లో పడతాయి. దానికింకా మంచి పేరు రాలేదు మరి. అందుకే బిల్లులు కొన్నాళ్లు పాత చిరునామా నుంచే వెళతాయి. ఏ తేదీన మారుస్తామో అకౌంట్స్ బృందం చెబుతుంది. మైకు వాళ్లకు ఇస్తున్నాను.