దారం కింద ఉన్న గుడ్డ

అందరికీ నమస్కారం. ఈ గదిలో విజయవాడ వస్త్రలతలో బట్టల షాపులున్నవాళ్లు ఉన్నారు, మంగళగిరి నుంచి మగ్గం చీరలు తెచ్చి ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఉన్నారు, ఎడిటింగ్ పని నేర్చుకుంటున్న పిల్లలూ ఉన్నారు. అందుకే ఇవాళ ఒక్క పని గురించే మాట్లాడతాను. బట్టల ఫోటోలో కనిపించే ధర ట్యాగ్, దాని దారం, షాపు స్టిక్కర్, వీటిని ఎలా తీసేయాలన్నదే ఆ పని. దానికి కూడా ఒక్క చీరనే తీసుకుంటాను.

అది లేత ఆకుపచ్చ మంగళగిరి కాటన్ చీర. బాడీ అంతా ప్లెయిన్, అంచున జరీ, జరీ పైన వరసగా చిన్న చిన్న గోపురాలు. పల్లూ మీద షాపువాళ్లు తెల్లటి స్టిక్కర్ వేశారు. అంచుకు తెల్ల దారంతో అట్ట ట్యాగ్ కట్టారు. ఆ దారం బాడీ మీదుగా వచ్చి, జరీ అంచును దాటి, కింద వేలాడుతోంది. అప్పటికి నేను ఈ పనిలో కొత్త. ట్యాగ్ తీశాను, దారం తీశాను, ఫైల్ పంపేశాను. వారం తిరక్కుండానే ఆ షాపాయన ఫోన్ చేశారు. "బాబూ, చీర మీద మరకేంటని కస్టమర్లు అడుగుతున్నారు, ఒకసారి చూడు" అన్నారు. చూస్తే అది మరక కాదు. ట్యాగ్ పోయింది గానీ దాని నీడ మిగిలింది. అరచేతి వెడల్పున బూడిదరంగు మచ్చ. ట్యాగ్ ఉన్నంతసేపూ అది నీడలాగే కనిపించింది. ట్యాగ్ పోయేసరికి దాన్ని నీడ అనుకోవడానికి అక్కడ ఏమీ లేదు, అందరికీ మరకలాగే కనబడింది.

ఆ రోజు నుంచి నేను ముందుగా చూసేది ట్యాగ్‌ను కాదు, దాని నీడను. దీపం కుడి వైపున ఉంటే నీడ ఎడమకు పడుతుంది, ట్యాగ్ గుడ్డకు ఎంత ఎత్తులో వేలాడితే అంత దూరం జరుగుతుంది, అంచులు అంత మెత్తగా కరిగిపోతాయి. దారానికీ నీడ ఉంటుంది, సన్నటి గీతలా. అందుకే చెరపాల్సిన చోటు మనం అనుకున్నదానికన్నా ఎప్పుడూ పెద్దదే. ఎడిటింగ్ మొదలుపెట్టే ముందు ఫోటోను పెద్దది చేసి, నీడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వేలితో గుర్తుపెట్టుకోండి.

ఇక అసలు సంగతి. ట్యాగ్ కింద ఉన్న గుడ్డ మీ ఫోటోలో లేదు. కెమెరా దాన్ని చూడలేదు. మీరు ఏ టూల్ వాడినా పక్కనున్న గుడ్డను తెచ్చి అక్కడ అతికిస్తున్నారు, అంతే. ఆ అతుకు ఎంత నిజంగా ఉంటుందన్నది గుడ్డను బట్టి ఉంటుంది. ప్లెయిన్ బాడీ మీద సులువు. గళ్ల మీద కష్టం. జరీ మీద ఇంకా కష్టం.

ముందు బాడీ సంగతి చూద్దాం. ఫోటోషాప్‌లో అసలు ఫోటోను ముట్టుకోకుండా పైన ఖాళీ లేయర్ ఒకటి వేసుకోండి. Healing Brush తీసుకుని, పైన Sample దగ్గర Current & Below పెట్టండి. అలా చేస్తే రిపేర్ అంతా పై లేయర్‌లోనే ఉంటుంది, తప్పు జరిగితే ఆ ముక్క చెరిపేసి మళ్లీ చేసుకోవచ్చు. బ్రష్ సైజు దారం కన్నా కాస్త ఎక్కువ ఉంటే చాలు. Alt నొక్కి దారం పక్కనే, అదే మడత మీద, అదే వెలుగులో ఉన్న చోట క్లిక్ చేయండి. తర్వాత దారం మీద చిన్న చిన్న ముక్కలుగా రుద్దండి. పై నుంచి కింద దాకా ఒకే గీతగా లాగొద్దు. ప్రతి రెండు మూడు ముక్కలకూ కొత్త చోట Alt క్లిక్ చేయండి. ఫోటోషాప్ లేనివాళ్లకు జింప్ ఉచితం. అందులో దీన్ని Heal అంటారు, Alt బదులు Ctrl నొక్కాలి.

హీలింగ్ బ్రష్ చేసేదేంటంటే, మీరు క్లిక్ చేసిన చోటు నుంచి నేత గరుకు తీసుకుంటుంది. రంగు, వెలుగు మాత్రం మీరు రుద్దుతున్న చోటు చుట్టుపక్కల నుంచి తీసుకుంటుంది. అందుకే ప్లెయిన్ గుడ్డ మీద బాగా కలిసిపోతుంది.

అక్కడే ఒక ప్రమాదం కూడా ఉంది. మగ్గం మీద నేసిన కాటన్‌లో నూలు అంతా ఒకే లావుండదు. అక్కడక్కడ కాస్త లావు పోగు, చిన్న ముడి కనిపిస్తాయి. మంగళగిరి చీర కొనేవాళ్లు ఫోటో పెద్దది చేసి చూసేది వాటి కోసమే, చేనేతే అని తెలుసుకోవడానికి. మీరు ఒకే చోటి నుంచి పదే పదే తెచ్చి అతికిస్తే అదే ముడి రెండుసార్లు, మూడుసార్లు ఒకే వరసలో కనిపిస్తుంది. లేదా బ్రష్ మరీ పెద్దది పెట్టి మెత్తగా రుద్దితే ఆ గరుకే పోయి, ఆ ముక్క పాలియెస్టర్‌లా నున్నగా తేలిపోతుంది. రెండూ తప్పే. నా దృష్టిలో రెండోది ఎక్కువ నష్టం, ఎందుకంటే చీర చేనేత అనిపించే గుణమే అక్కడ పోతుంది.

ఇప్పుడు జరీ దగ్గరికి వద్దాం. దారం బాడీ దాటి అంచు మీదకు వచ్చే చోట హీలింగ్ బ్రష్‌తో రుద్దితే ఏం జరుగుతుందో మీలో చాలామంది చూసే ఉంటారు. బంగారు రంగు ఆకుపచ్చలోకి పాకి, పసుపు నీళ్లు చిందినట్టు అవుతుంది. టూల్ చెడిపోయి కాదు. చుట్టుపక్కల రంగు తీసుకోవడమే దాని పని, ఇక్కడ చుట్టుపక్కల రెండు రంగులున్నాయి మరి. దీనికి విరుగుడు ఒకటుంది. బాడీ వైపున్న ముక్కను లాస్సోతో సెలెక్ట్ చేయండి, సెలెక్షన్ గీత సరిగ్గా జరీ మొదలయ్యే చోటే ఆగాలి. అప్పుడు బ్రష్ ఆ గీత అవతలి రంగును లోపలికి రానివ్వదు. బాడీ పూర్తయ్యాక సెలెక్షన్ తీసేసి, జరీ కోసం Clone Stamp తీసుకుని, దీనిక్కూడా Sample దగ్గర ఇందాకటిదే పెట్టండి. ఈ స్టాంప్ రంగులు కలపదు, తీసుకున్నది తీసుకున్నట్టు దించుతుంది.

మన చీరలో దారం సరిగ్గా ఒక గోపురం మీదుగా పోయింది. కాబట్టి పక్క గోపురం కొన మీద Alt క్లిక్ చేసి, దారం పడిన గోపురం కొన మీద కర్సర్ పెట్టి, రెండు కొనలూ ఒకదానిమీద ఒకటి కూర్చున్నాకే మొదటి చుక్క వేయాలి. కర్సర్ లోపల, దించబోయే బొమ్మ లీలగా కనిపిస్తుంది, దాన్ని చూసి సరిపెట్టుకోవచ్చు. పైన Aligned టిక్ పెట్టి ఉంచితే మొదటి చుక్క సరిగ్గా పడ్డాక మిగతాదంతా దానికదే దారిలో వస్తుంది. మడతలో అంచు వంపు తిరిగి ఉంటే మాత్రం పక్క గోపురం సరిపోదు, దాని వాలు వేరుగా ఉంటుంది. అలాంటప్పుడు దాన్ని విడిగా కాపీ చేసుకుని, Edit మెనూలోని Free Transform తో కాస్త తిప్పి కూర్చోబెట్టాలి.

ఈ ఒక్క గోపురానికి ఆ రోజు నాకు ఇరవై నిమిషాలు పట్టింది. అలాంటి చీరలు నలభై ఉంటే ఎంత టైమ్ పడుతుందో లెక్కేసుకోండి. అందుకే గళ్లు, జరీ, ఇకత్ లాంటివి వస్తే నేను ఇప్పుడు ఈ దారిలో పోను. ఫోటో తీసేటప్పుడే పని తేల్చేస్తాను.

ట్యాగ్ కత్తిరించేయొచ్చు కదా అంటారు. చాలా షాపుల్లో కుదరదు. బార్‌కోడ్ దాని మీదే ఉంటుంది, ట్యాగ్ లేని సరుకును హోల్‌సేల్‌వాళ్లు వెనక్కి తీసుకోరు. కాబట్టి ట్యాగ్ ఉంచే రెండు ఫోటోలు తీయండి. ఫోన్‌ను స్టాండ్‌కు బిగించండి. తెర మీద వేలు కాసేపు అలాగే నొక్కి ఉంచితే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుగు రెండూ లాక్ అవుతాయి. మొదటి ఫోటో తీశాక, చీరను కదపకుండా దారాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ట్యాగ్‌ను అవతలి పక్కకు జరపండి. నీడ కూడా పాత చోటు వదిలి పూర్తిగా అవతలికి పోయిందా లేదా చూడండి. అప్పుడు రెండో ఫోటో తీయండి. మొదటి ఫోటోలో దాగిన గుడ్డ రెండోదాంట్లో నిజంగా ఉంటుంది. రెంటినీ ఒకే ఫైల్‌లో రెండు లేయర్లుగా పెట్టి, రెండు లేయర్లనూ సెలెక్ట్ చేసి, Edit మెనూలో Auto-Align Layers కొట్టి, పై లేయర్‌కు మాస్క్ వేసి, ట్యాగ్, దారం, వాటి నీడ ఉన్నంత మేరా నల్లరంగుతో రుద్దితే కిందున్న అసలు గుడ్డ బయటపడుతుంది. గోపురం గోపురంలాగే ఉంటుంది. దారం ముడి ఉన్న చోటు మాత్రం కదలదు కాబట్టి రెండు ఫోటోల్లోనూ ఉంటుంది. ఆ వేలి గోరంత చోటుకు క్లోన్ వాడితే సరిపోతుంది.

స్టిక్కర్ విషయంలో ఈ ఉపాయం పనిచేయదు, అది జరగదు కదా. వీలైతే ఫోటోకు ముందే నెమ్మదిగా ఒలిచేసి ట్యాగ్ వెనక అంటించండి. జిగురు మిగిలితే గుడ్డ మీద మెరుస్తూ కనిపిస్తుంది. ఆ మెరుపు నిజంగా చీర మీద ఉన్నదే, దాన్ని ఫోటోలో కాదు, చీర మీదే పోగొట్టాలి.

మరో మాట. ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపొద్దు, డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే సైజు తగ్గించి పంపుతుంది, నేత కరిగిపోతుంది. ఇక అతికించడానికి మాకు గరుకు ఎక్కడి నుంచి వస్తుంది?

పని అయిందనుకున్నాక ఒక పరీక్ష చేయండి. అన్నిటికన్నా పైన ఒక Curves లేయర్ వేసి కాంట్రాస్ట్ బాగా పెంచండి. మామూలుగా కంటికి ఆనని నీడ ముక్క, రంగు తేడా అన్నీ అప్పుడు దీవుల్లా తేలతాయి. సరిచేశాక ఆ లేయర్ తీసేయండి. తర్వాత ఫోన్‌లో తెరిచి రెండు వేళ్లతో పెద్దది చేసి చూడండి, కొనేవాళ్లు చూసేది అలాగే. అమెజాన్‌లో ఫోటో పొడవైన వైపు కనీసం 1000 పిక్సెళ్లు ఉంటేనే జూమ్ పనిచేస్తుంది. జూమ్ కోసం పెద్ద ఫోటో పెడతాం, మన అతుకులు బయటపడేదీ ఆ జూమ్‌లోనే.

ఏది తీయకూడదో కూడా చెప్పాలి. కస్టమర్ ఇంటికి వెళ్లేటప్పటికి చీర మీద ఉండనివి మాత్రమే తీయండి: ధర ట్యాగ్, దారం, స్టిక్కర్, పిన్నీసు. జరీలో తెగిన పోగు, బాడీలో రంగు తేడా, అసలు మరక, ఇవి చీరతోపాటే వెళ్తాయి. అదే బ్రష్ వాటినీ క్షణంలో చెరిపేస్తుంది, "కాస్త అది కూడా తీసెయ్యి బాబూ" అని అడిగేవాళ్లూ ఉంటారు. నేను తీయను. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనల ప్రకారం కూడా సరుకు గురించి చూపించేది అసలు సరుకుతో సరిపోలాలి. చేనేత గుర్తు లేబుల్ ఉంటే దాన్నీ చెరపొద్దు, దానికి విడిగా ఒక దగ్గరి ఫోటో తీసి పెట్టండి. ధర ట్యాగ్‌ను చెరిపే ముందు దానికీ రెండు వైపులా ఫోటో తీసి దాచుకోండి, ఎంఆర్‌పీ, తయారీదారు వివరాలు లిస్టింగ్‌లో రాయాల్సి వచ్చినప్పుడు అవే అక్కరకొస్తాయి.

ఆ ఆకుపచ్చ చీర మొదటి ఫైల్ ఇప్పటికీ నా దగ్గరుంది, నీడ మచ్చతో సహా. ఇప్పుడు దాన్నే తెర మీద తెరుస్తున్నాను. మౌస్ పట్టుకోవడానికి ముందు వరసలోంచి ఒకరు రండమ్మా.