ప్రశ్న లోపలి ప్రశ్న: ఇంగ్లీషులో పదక్రమం

శ్రోతలకు నమస్కారం. హైదరాబాదులో ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడేవారి నోట కూడా "డూ యూ నో వేర్ ఈజ్ ద స్టేషన్?" అన్న వాక్యం తరచుగా వినిపిస్తుంది. విన్నవారికి అర్థమవుతుంది, నాంపల్లికో కాచిగూడకో దారి చెబుతారు. అయితే ప్రామాణికమైన ఇంగ్లీషులో ఆ వాక్యం "డూ యూ నో వేర్ ద స్టేషన్ ఈజ్?" అని ఉండాలి.

మనం ఇలా పలకడానికి తెలుగు వాక్యనిర్మాణం ఒక బలమైన కారణమని నేను భావిస్తున్నాను. "స్టేషన్ ఎక్కడుంది?" అన్న ప్రశ్నను మరో వాక్యంలో ఇమడ్చాలంటే మనం పదాల వరుసను కదిలించనక్కరలేదు, చివర ఓకారం చేర్చి "స్టేషన్ ఎక్కడుందో తెలుసా?" అంటే సరిపోతుంది. ఇంగ్లీషులో అటువంటి ప్రత్యయం లేదు. అక్కడ సూటిగా అడుగుతున్నామని తెలియజేసేది క్రియ కర్తకు ముందుకు రావడమే. ఆ మార్పు ప్రధాన వాక్యానికే చెందుతుంది కనుక, లోపల ఇమిడిన ప్రశ్నలో కర్త ముందు, క్రియ తరువాత వస్తాయి. "ఐ డోంట్ నో" అని మొదలుపెట్టినా ఇదే వరుస.

"ఈజ్" ఉన్నచోట దాని స్థానం మారిస్తే చాలు. అసలు చిక్కు "డూ, డజ్, డిడ్" ఉన్న ప్రశ్నలతో వస్తుంది. "వెన్ డజ్ ద ట్రైన్ లీవ్?" అన్న ప్రశ్నను తీసుకుందాం. ఇక్కడ "డజ్" సూటి ప్రశ్నను నిర్మించడానికి వచ్చిన సహాయక్రియ మాత్రమే. "కుడ్ యూ టెల్ మీ" అని మర్యాదగా మొదలుపెట్టినప్పుడు లోపల దానికి పని లేదు, తొలగిపోతుంది. కానీ అది మోస్తున్న వర్తమానకాల ప్రత్యయం అసలు క్రియకు తిరిగి చేరాలి: "కుడ్ యూ టెల్ మీ వెన్ ద ట్రైన్ లీవ్స్?" చాలామంది "డజ్" తీసివేయడం నేర్చుకున్నాక కూడా "వెన్ ద ట్రైన్ లీవ్" అని ఆపేస్తారు, చివరి "స్" వినిపించకపోతే పని సగమే జరిగిందన్నమాట. "డిడ్" తొలగినప్పుడు భూతకాలం కూడా అదే విధంగా క్రియలోకి వెళ్ళి, "లీవ్" కాస్తా "లెఫ్ట్" అవుతుంది.

అవునో కాదో అడిగే ప్రశ్నలో "వేర్", "వెన్" వంటి పదం ఉండదు కనుక "ఇఫ్" లేదా "వెదర్" తెచ్చుకోవాలి. "హాజ్ ద ట్రైన్ అరైవ్డ్?" అన్నది "డూ యూ నో ఇఫ్ ద ట్రైన్ హాజ్ అరైవ్డ్?" అవుతుంది. మన "వచ్చిందో లేదో" చేసే పనే ఇక్కడ "ఇఫ్" చేస్తుంది.

"హూ ఈజ్ కమింగ్?" వంటి ప్రశ్నలో మాత్రం "హూ" తానే కర్త. సూటి ప్రశ్నలోనే కర్త ముందు, క్రియ తరువాత ఉన్నాయి కనుక "డూ యూ నో హూ ఈజ్ కమింగ్?" అన్నప్పుడు వరుస మారదు.

"థింక్" విషయంలో మరొక జాగ్రత్త అవసరం. స్టేషన్ ఎక్కడుందనుకుంటున్నారని అడగడానికి "డూ యూ థింక్ వేర్ ద స్టేషన్ ఈజ్?" అనకూడదు. ప్రశ్నపదం వాక్యారంభానికి వచ్చి, "వేర్ డూ యూ థింక్ ద స్టేషన్ ఈజ్?" అవుతుంది, చివరనున్న "ద స్టేషన్ ఈజ్" మాత్రం ఇక్కడా తన వరుసలోనే నిలుస్తుంది.