అఖ్టన్ అనే మాట జర్మన్‌లో లేదు

శ్రోతలకు నమస్కారం. నేను గుణుపురం నుంచి మాట్లాడుతున్నాను. ఒడిశాలో రాయగడ జిల్లా, వంశధార ఒడ్డున ఉన్న ఊరు మాది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతకు వెళితే సవర. ఈ మూడూ చెవిన పడుతూ పెరిగినవాళ్లం. కొన్నేళ్లుగా ఇంటి దగ్గరే జర్మన్ నేర్పుతున్నాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది నర్సింగ్ చదివిన ఆడపిల్లలు. వ్యాకరణం చక్కగా పట్టేస్తారు. ఆడియో పెట్టగానే మాత్రం టెన్షన్ మొదలవుతుంది. జర్మన్ బీ వన్ స్థాయి పరీక్షలో వినే భాగంలో కొన్ని రికార్డింగులు ఒక్కసారే వినిపిస్తారు మరి, ఆ భయం ఊరికే వచ్చింది కాదు.

ఇంట్లో కూర్చుని చెవినీ నోటినీ దారికి తెచ్చుకోవడానికి నేను నమ్మే పద్ధతులు రెండు. ఒకటి డిక్టేషన్, విన్నది విన్నట్టు రాయడం. రెండోది షాడోయింగ్. ఆడియోను ఆపకుండా, మాట్లాడే మనిషి వెనకాలే అర సెకను తేడాతో నీడలా పలుకుతూ పోవడం. ఈ రెండూ ఎలా చేయాలో ఒకే ఒక్క వాక్యం పట్టుకుని చెబుతాను.

మా అన్నయ్య కూతురు బరంపురంలో నర్సింగ్ చదివింది. ఒకరోజు తనకు ఒక ఫోన్ సందేశం వినిపించాను. డాక్టరు గారి ఆఫీసు నుంచి ఒకావిడ చెబుతోంది: ఇష్ రూఫె జీ మోర్గెన్ ఉమ్ హల్ప్ అఖ్ట్ అన్. రేపు ఏడున్నరకు మీకు ఫోన్ చేస్తాను అని అర్థం. పిల్ల మూడుసార్లు విని రాసింది. కాసేపు డిక్షనరీ తిరగేసి, "అత్తా, ఈ అఖ్టన్ అంటే ఏమిటి? డిక్షనరీలో అఖ్టెన్ ఉంది కానీ, దానికి గౌరవించు అని అర్థం ఇచ్చాడు. ఇక్కడ ఎవరు ఎవరిని గౌరవిస్తున్నారు?" అని అడిగింది.

అఖ్టన్ అనే మాట జర్మన్‌లో లేదు. అఖ్ట్ అంటే ఎనిమిది. చివర ఉన్న అన్ వేరే ముక్క. జర్మన్‌లో ఫోన్ చేయడం అనే క్రియ అన్‌రూఫెన్. వాక్యంలో పెట్టినప్పుడు అది రెండుగా విడిపోయి, రూఫె ముందుకు వస్తుంది, అన్ వాక్యం చివరికి పోతుంది. ఆ అన్ వినపడకపోతే మిగిలేది రూఫెన్, అంటే కేక వేసి పిలవడం. మా పిల్లకు ఈ వ్యాకరణం అంతా వచ్చు. పుస్తకంలో చూస్తే ఒక్క క్షణంలో చెప్పేస్తుంది. చెవికి మాత్రం అందలేదు.

ఎందుకు అందలేదో చూడండి. మనకు మాట చివర హల్లు ఊరికే వదిలేస్తే వెలితిగా ఉంటుంది. అందుకే బస్ అనేది బస్సు అయింది, కార్ అనేది కారు అయింది. అఖ్ట్ కూడా మన లోపల అఖ్టు అయిపోతుంది. దాని పక్కన అన్ వచ్చింది. ఉకారం తర్వాత అచ్చు వస్తే మనం ఏం చేస్తాం? చిన్నప్పుడు బడిలో చదువుకున్న ఉత్వసంధే. ఉకారం పోతుంది, రెండు మాటలూ అతుక్కుంటాయి. అఖ్టు, అన్ కలిసి అఖ్టన్. మనకు ఎవరూ నేర్పకుండానే వచ్చిన అలవాటు అది. తెలుగుకు అందం కూడా అదే. జర్మన్‌కు వచ్చేసరికి అదే అడ్డుపడుతుంది.

జర్మన్‌లో అచ్చుతో మొదలయ్యే మాటకు ముందు గొంతు ఒక చిన్న తలుపు వేసి తీస్తుంది. టక్కుమని ఒక ఆపు, ఆ తర్వాత అచ్చు. మనకూ ఆ శబ్దం కొత్తది కాదు. కాదు అని చెప్పడానికి నోరు తెరవకుండా ఉఁ... ఉఁ అంటాం కదా, ఆ రెండింటి మధ్య గొంతు మూసుకుంటుంది. అదే ఇది. మా సంతలో సవరలు మాట్లాడుకుంటుంటే ఆగి వినండి, వాళ్ల మాటల్లో ఆ ఆపు ఉంటుంది. ఇక్కడికి దగ్గర్లోని పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నేర్చుకున్నది ఆ భాష మాట్లాడేవాళ్ల నోట విని, రాసుకుంటూనే. ఆ రోజుల్లో సవరకు లిపి లేదు, చూసి దిద్దుకోవడానికి పుస్తకమూ లేదు. చెవిని నమ్ముకుని రాయడమే దారి. మనకు ఆడియోతో పాటు దాని పాఠం కూడా దొరుకుతోంది కాబట్టి మన పని చాలా సులువు.

ఇక డిక్టేషన్ ఎలా చేయాలి. ఇరవై, ముప్పై సెకన్ల ముక్క తీసుకోండి, అంతకు మించొద్దు. పాఠం చేతిలో ఉన్న ఆడియోనే తీసుకోవాలి. ముందు రెండుసార్లు పెన్ను పట్టుకోకుండా వినండి. తర్వాత ఒక్కో వాక్యం దగ్గర ఆపుతూ రాయండి. ఒక వాక్యానికి మూడుసార్లు వింటే చాలు. అప్పటికీ అందని చోట గీత పెట్టి ముందుకు వెళ్లండి. పది, పదిహేనుసార్లు విన్నా ఆ చెవికి కొత్తగా ఏమీ వినపడదు, విసుగు మాత్రం వస్తుంది. ఇంకో మాట, జర్మన్ అక్షరాలతోనే రాయండి. తెలుగు లిపిలో రాస్తే చెయ్యి తనంతట తానే కొమ్ము పెట్టేస్తుంది, సంధి కలిపేస్తుంది.

అందరూ తొందరపడేది దిద్దుకునేటప్పుడే. పాఠం పక్కన పెట్టుకుని ఎర్ర పెన్నుతో దిద్దుతూ, ప్రతి తప్పు దగ్గరా ఇది ఎలాంటి తప్పు అని అడగండి. మాటే తెలియకపోతే అది వేరే సంగతి, నేర్చుకుంటే సరిపోతుంది. మా పిల్ల హల్ప్ అని చివర పి పెట్టి రాసింది. అసలు స్పెల్లింగులో అక్కడ ఉన్నది బి. జర్మన్‌లో మాట చివర బి, డి, జి వస్తే ప, ట, క లాగా పలుకుతారు. అంటే తన చెవి సరిగానే విన్నది, స్పెల్లింగే తెలియలేదు. అలాంటి తప్పు కనిపిస్తే నాకు సంతోషం. అసలు పట్టుకోవాల్సింది మూడో రకం. మాట తెలుసు, రాయడం తెలుసు, అయినా వినపడలేదు. ఆ అన్ అలాంటిదే. నోటుబుక్కులో వీటికి ఒక పేజీ విడిగా ఉంచండి. పదిహేను రోజులకు చూస్తే ఒకే తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మన చెవి ఎక్కడ మూసుకుపోతోందో ఆ పేజీ చెబుతుంది.

అదే వాక్యంలో ఇంకో చిక్కు కూడా ఉంది. హల్ప్ అంటే సగం, అఖ్ట్ అంటే ఎనిమిది. మనం ఎనిమిదిన్నర అనుకుంటాం. జర్మన్లకు అది ఎనిమిదికి వెళ్లే దారిలో సగం, అంటే ఏడున్నర. మా పిల్ల మాట దిద్దుకుంది, అర్థం మాత్రం ఎనిమిదిన్నర అని చెప్పింది. అందుకే డిక్టేషన్ అయ్యాక వాక్యం భావాన్ని తెలుగులో పైకి చెప్పుకోవాలి. అక్షరం తప్పు లేకుండా రాసి, ఫోన్ వచ్చే వేళకు గంట ఆలస్యంగా కూర్చునే ప్రమాదం ఉంది.

డిక్టేషన్ పూర్తయ్యాకే, అదే ముక్క మీద షాడోయింగ్. ఈ వరుస మార్చవద్దని గట్టిగా చెబుతాను. చెవికి అఖ్టన్ అని వినపడుతున్న మనిషి షాడోయింగ్ చేస్తే, రోజుకు యాభైసార్లు అఖ్టన్ అని సాధన చేసినట్టే. ఆ తప్పు నాలుక మీద స్థిరపడిపోతుంది.

మొదటి రోజు పాఠం చూస్తూ, గొణుగుతున్నంత మెల్లగా పలకండి. రెండో రోజు పాఠం మూసేసి, గొంతు పెంచి పలకండి. వేగం అందకపోతే ఫోన్‌లో 0.75కు తగ్గించుకోండి. అంతకన్నా తగ్గిస్తే అచ్చులు సాగిపోయి, పొట్టి అచ్చుకూ పొడుగు అచ్చుకూ తేడా పోతుంది. ఒడియా పలుకులో హ్రస్వ దీర్ఘాల తేడా పెద్దగా నిలవదు, కానీ తెలుగువాళ్ల చెవికి అది పుట్టుకతో వచ్చింది. దాన్ని చెడగొట్టుకోవద్దు. ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోండి, రెండో చెవికి మీ గొంతు మీకు వినపడాలి. ఇంకో ఫోన్ ఉంటే మూరెడు దూరంలో పెట్టి రికార్డు చేయండి.

మా పిల్ల రికార్డింగు తనకే వినిపిస్తే ఆశ్చర్యపోయింది. హల్పు అఖ్టన్ అంటోంది. అనడం లేదనే అనుకుంటోంది ఇంతసేపూ. అప్పుడు షాడోయింగ్ ఆపించి, వాక్యాన్ని తోక వైపు నుంచి కట్టించాను. ముందు అన్ ఒక్కటే, ఊనికతో. ఎందుకంటే జర్మన్‌లో విడిపోయిన ఆ ముక్క మీద ఊనిక పడుతుంది. తర్వాత అఖ్ట్, నాలుకను ట దగ్గర ఆపి, గొంతు తలుపు వేసి, అన్. ఆ తర్వాత హల్ప్, అఖ్ట్, అన్. ఆపైన ఉమ్. దాని ముందు మోర్గెన్ చేరేసరికి ఇంకో సంధి పట్టుబడింది. మోర్గెనుమ్ అంటోంది. అక్కడా తలుపు వేయించాను. ఒక్కో మెట్టు అయిదుసార్లు. మొత్తం వాక్యం వచ్చాకే మళ్లీ ఆడియో పెట్టి షాడోయింగ్.

రోజుకు అరగంట చాలు. పావుగంట డిక్టేషన్, పది నిమిషాలు షాడోయింగ్, మిగిలిన అయిదు నిమిషాలు మీ రికార్డింగునూ అసలు ఆడియోనూ ఒకదాని తర్వాత ఒకటి వినడం. ఒకే ముక్కను మూడు రోజులు చేయండి. రెండో రోజు, మూడో రోజు డిక్టేషన్‌లో తప్పులు పడ్డ వాక్యాలనే మళ్లీ రాయండి.

ఆడియో కోసం జర్మనీ ప్రసార సంస్థ డాయిచె వెలె వాళ్ల నీకోస్ వేక్ అనే కోర్సు మొదలుపెట్టేవాళ్లకు బాగుంటుంది. ఇంటర్‌నెట్‌లో ఉచితం, బీ వన్ వరకు ఉంది, సంభాషణలు చిన్నవి, పాఠం దొరుకుతుంది. వాళ్లే నెమ్మదిగా చదివే వార్తలు కూడా ఇస్తారు, రాత ప్రతితో సహా. చాలామంది నెమ్మది అన్న మాట చూసి ముందు అక్కడికి పరుగెత్తుతారు. వార్తల మాటలు బరువైనవి, వాక్యాలు పొడుగు. బీ టూ దాకా వచ్చాక వెళ్లండి.

ఈ పద్ధతికి లొంగనివి కూడా ఉన్నాయి. ఇష్ అని నేను పలికిన మాట చివరిది నిజానికి మన ష కాదు. ఈ అనేలా నాలుకను పెట్టి, గొంతు కలపకుండా గాలి మాత్రం వదిలితే వచ్చే శబ్దం. అలాగే పెదవులు ఊ అన్నట్టు చుట్టి, నాలుకతో ఈ అనే అచ్చు ఒకటుంది. ఇవి మన భాషలో లేవు కాబట్టి మన చెవి వాటిని ష, యూ అనే పెట్టెల్లో వేసేస్తుంది. నెల రోజులు నీడలా వెంట నడిచినా అవి వాటంతట అవి దిద్దుకోవు. అద్దం ముందు కూర్చుని పెదవులు చూసుకుంటూ, తెలిసినవాళ్ల ఎదుట పలికి సరిచేయించుకోవాలి.

మూడో రోజు సాయంత్రం మా పిల్ల తన కొత్త రికార్డింగు తెచ్చింది. మోర్గెన్ తర్వాత ఆపు ఉంది. హల్ప్ చివర కొమ్ము పోయింది. అఖ్ట్ దగ్గర ఆగి, అన్ విడిగా, స్పష్టంగా వినిపించింది. వెంటనే తర్వాతి వాక్యం పెట్టాను: అమ్ ఆబెంట్ ఉమ్ అఖ్ట్ ఊర్. సాయంత్రం ఎనిమిది గంటలకు. అయిదు మాటలూ అచ్చుతోనే మొదలయ్యాయి. పిల్ల విని, రాయకముందే నాలుగు చోట్ల గీతలు గీసి మాటలు విడదీసి పెట్టుకుంది.