యాంగిల్ సన్నగా ఉందన్నారా? లేజర్‌కి ఒప్పుకునే ముందు

(నల్లకుంటలో సీనియర్ సిటిజన్ల నెలవారీ సమావేశంలో ఒక రిటైర్డ్ కంటి డాక్టరు మాట్లాడింది, కొంచెం సరిచేసి)

అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, పెద్దలకి నమస్కారం. శాలువా చివర్లో కప్పుతామన్నారు, అదీ వద్దన్నాను, ఆ టైమ్ కూడా నాకే ఇవ్వండి. నన్ను పిలిచింది "కళ్ళ సంరక్షణ" మీద మాట్లాడమని. నేను మాట్లాడేది మాత్రం ఒక చీటీ గురించి. ఈ మధ్య పొద్దున వాకింగ్‌కి వెళ్తే మన పార్కులోనే నన్ను ఆపి చీటీ చూపిస్తున్నారు: "యాంగిల్ సన్నగా ఉంది, రెండు కళ్ళకీ పీఐ లేజర్ చేయించుకోవాలి". నొప్పి లేదు, చూపు బాగానే ఉంది, కంటి ప్రెషర్ నార్మల్. మరి లేజర్ ఎందుకు డాక్టర్ గారూ అని అడుగుతారు. నేను తిరిగి ఒక్కటే అడుగుతాను: గోనియో చేశారా? చాలామంది మొహాలు చూస్తే ఆ మాటే విననట్టు ఉంటుంది. నా బాధ అక్కడే.

కంటి లోపల నీళ్ళు ఎప్పుడూ ఊరుతుంటాయి. ఏడ్చినప్పుడు వచ్చేవి కావు, లోపలి నీళ్ళు. ఐరిస్ అంటే కంట్లో కనిపించే గోధుమరంగు తెర. ఈ నీళ్ళు దాని వెనక ఊరి, మధ్యలో ఉన్న కనుపాప రంధ్రం గుండా ముందుకొచ్చి, ఐరిస్ అంచూ తెల్లగుడ్డూ కలిసే మూల నుంచి బయటికి పోతాయి. ఆ మూలనే యాంగిల్ అంటారు. వయసు పెరిగేకొద్దీ లోపలి లెన్స్ లావెక్కి ఐరిస్‌కి వెనక నుంచి ఆనుకుంటుంది. అప్పుడు కనుపాప దగ్గర నీటికి దారి బిగుసుకుంటుంది, వెనక ఒత్తిడి పెరుగుతుంది, గాలికి ఉబ్బిన పరదాలా ఐరిస్ ముందుకి ఉబ్బి మూలని మూసేస్తుంది. నీళ్ళు బయటికి పోక కంటి ప్రెషర్ పెరిగి, చూపు నరం దెబ్బతింటే అదే గ్లాకోమా. లేజర్‌తో ఐరిస్ అంచు దగ్గర ఒక చిన్న చిల్లు పెడితే ముందూ వెనకా ఒత్తిడి సమానమై ఐరిస్ వెనక్కి తగ్గుతుంది. పీఐ లేజర్ చేసేది అంతే. చూపు పెంచదు, అద్దాల పవర్ తగ్గించదు. యాంగిల్ ఇలా మూసుకునే జబ్బు ఎక్కువగా వచ్చేది యాభై దాటినవాళ్ళకి, ఆడవాళ్ళకి, ప్లస్ పవర్ అద్దాలవాళ్ళకి, ఎందుకంటే వాళ్ళ కన్ను చిన్నది, లోపల చోటు తక్కువ.

ఇప్పుడు గోనియో. చుక్కల మందు వేసి కన్ను మొద్దుబారాక, అద్దాలున్న చిన్న లెన్స్‌ని కంటి మీద ఆనించి, గది లైట్లు ఆర్పి, సన్నటి వెలుతురుతో ఆ మూలలోకి చూడడం. నాలుగు పక్కలా చూడాలి. లైట్లు ఎందుకు ఆర్పాలంటే, వెలుతురు పడితే కనుపాప ముడుచుకుని, మూసుకున్న యాంగిల్ కూడా తెరుచుకున్నట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత లెన్స్‌ని కొంచెం నొక్కి చూస్తారు. నొక్కితే మూల తెరుచుకుంటే ఐరిస్ ఊరికే ఆనుకుని ఉన్నట్టు, తెరుచుకోకపోతే అతుక్కుపోయినట్టు. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. టార్చి వేసి చూసో, మెషిన్ ముందు కూర్చోబెట్టి ప్రెషర్ కొలిచో ఇది తెలియదు. స్కాన్ సాయపడుతుంది గానీ, నొక్కి చూసే పని అది చేయలేదు. వెనక వరసలో సార్, ఫోన్ పక్కన పెట్టండి ఒక్క నిమిషం, ఇదొక్కటీ వినండి: చీటీ మీద గోనియో ఫలితం రాసి లేకపోతే లేజర్ డేట్ తీసుకోకండి.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇద్దరు అక్కచెల్లెళ్ళు.

అక్కకి అరవై దాటాయి. పెళ్ళింట్లో రాత్రి పది గంటలకి తలనొప్పి మొదలైంది, ఎడమ వైపు, కన్ను పీకేసినట్టు. లైట్ల చుట్టూ రంగు రంగుల వలయాలు కనిపిస్తున్నాయని కూడా చెప్పింది, ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత వాంతులు. పెళ్ళి భోజనం పడలేదని గ్యాస్ మాత్ర ఇచ్చారు. తెల్లారి ఒక ఆసుపత్రిలో, పేరు ఎందుకులెండి, వాంతులకి ఇంజెక్షన్ ఇచ్చి, తలకి స్కాన్ తీసి, బాగుందని పంపేశారు. కన్ను ఎర్రగా ఉంటే కళ్ళకలక చుక్కలు రాశారు. ఎడమ కంటికి మసకగా ఉందని ఆవిడ చెబుతూనే ఉంది. మూడో రోజు కంటి డాక్టరు దగ్గరికి వచ్చేసరికి ప్రెషర్ 54. మామూలుగా ఉండాల్సింది 21 లోపు. కనుపాప పెద్దదై, వెలుతురు వేసినా కదలడం లేదు. యాంగిల్ ఇలా ఒక్కసారిగా మూసుకుపోవడాన్నే అటాక్ అంటాం. ప్రెషర్ దించారు, లేజర్ చేశారు, కానీ నరం అప్పటికే దెబ్బతింది. ఆ కంటితో ఇప్పుడు చెయ్యి ఊపితే తెలుస్తుంది, అంతే.

ఒక్కళ్ళు, ఆ రెండు రోజుల్లో ఒక్కళ్ళు కనుపాప మీద టార్చి వేసి చూసినా సరిపోయేది! అరవై ఏళ్ళావిడకి తలనొప్పి, వాంతులు, ఒకే కన్ను ఎర్రబడడం, చూపు మసకబారడం, ఇవన్నీ ఒకేసారి ఉంటే పొట్ట చూడడం కాదు, ముందు కన్ను చూడాలి. ఈ హాల్లో ఎవరి పిల్లలైనా డాక్టర్లయితే ఇంటికెళ్ళి చెప్పండి. ... సరే, ఆవేశం వద్దు. ఆవిడ రెండో కంటికి మాత్రం ఆ వారంలోనే లేజర్ చేశారు, అది సరైన పని. ఒక కంటికి ఇలా వచ్చినవాళ్ళలో, ఏమీ చేయకుండా వదిలేస్తే ఐదు పదేళ్ళలో దాదాపు సగం మందికి రెండో కంటికీ వస్తుంది. ఇక్కడ ఆలోచించేదేమీ లేదు.

ఆలోచించాల్సింది చెల్లెలి విషయంలో. ఆవిడకి యాభై ఆరు, ప్లస్ రెండున్నర అద్దాలు, షుగర్ ఉంది. భయపడి వచ్చింది. ప్రెషర్ ఒక కంట్లో 15, ఇంకో కంట్లో 16. నరం బాగుంది. గోనియోలో నాలుగు పక్కల్లో మూడు పక్కల మూల కనిపించలేదు, నొక్కితే మాత్రం తెరుచుకుంది, అతుకులు లేవు. అంటే జబ్బు లేదు, జబ్బు రాగల కన్ను. వీళ్ళని సస్పెక్టులు అంటాం. మీ చేతుల్లోని చీటీల్లో చాలా మటుకు ఈ రకమే.

ఇలాంటి వాళ్ళందరికీ లేజర్ చేయాలా? మా రోజుల్లో చేసేవాళ్ళం. వెల్లూరులో ఇలాంటి 50 మందిని ఐదేళ్ళ తర్వాత చూస్తే 11 మందికి అతుకులో, ప్రెషరో వచ్చాయి. అంటే నూటికి 22, భయపడాల్సిన లెక్కే. తర్వాత చైనాలో గ్వాంగ్జౌ నగరంలో పెద్ద అధ్యయనం జరిగింది, 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 889 మందికి ఒక్కొక్కళ్ళకి ఒక కంటికి లేజర్ చేసి, రెండో కన్ను వదిలేసి, ఆరేళ్ళు చూశారు. లేజర్ చేసిన కళ్ళలో 19కి, చేయని కళ్ళలో 36కి జబ్బు ముందుకి కదిలింది. సగానికి సగం తగ్గినట్టే కదా అంటారు. నిజమే, కానీ ఏమీ చేయని 889 కళ్ళలో కూడా ఆరేళ్ళలో కదిలినవి 36. ఆ కదిలినవాటిలోనూ ఎక్కువ భాగం చిన్న అతుకులే, చూపు పోవడం కాదు. అందుకే సస్పెక్టులందరికీ లేజర్ అక్కర్లేదని ఆ అధ్యయనం చేసినవాళ్ళే రాశారు.

మరి చెల్లెలికి ఏం చేయాలి? సొంత అక్కకి అటాక్ వచ్చింది. షుగర్ వల్ల ఏటా కనుపాప పెద్దది చేసే చుక్కలు వేసి రెటీనా చూడాలి, ఆ చుక్కలే ఇలాంటి కంట్లో అటాక్ తేగలవు. నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్ వాడుతోంది, అదీ కనుపాపని పెద్దది చేసే మందే. పైగా ఏడాదిలో సగం రోజులు ఊళ్ళో ఉంటుంది, అక్కణ్ణించి కంటి ఆసుపత్రికి రావాలంటే ఒక పూట పడుతుంది. ఇన్ని కలిసి వచ్చాయి కాబట్టి ఆవిడకి లేజర్ చేయమన్నాను. అదే నెలలో మన పక్క వీధి మాస్టారు వచ్చారు, యాంగిల్ దాదాపు అలాగే ఉంది, కానీ ఇంట్లో ఎవరికీ లేదు, షుగర్ లేదు, కంటి ఆసుపత్రి ఆటోలో పది నిమిషాలు. ఆయనకి లేజర్ వద్దన్నాను, ఏడాదికోసారి గోనియో చేయించుకోమన్నాను. ఒకే రకం కన్ను, రెండు సలహాలు. ఇక గోనియోలో అతుకులు కనిపించినా, ప్రెషర్ పెరిగి ఉన్నా అది వేరే దశ, అప్పుడు మామూలుగా లేజర్ చేస్తారు.

లేజర్ రోజు ఏమవుతుందో చెబుతాను, ఎందుకంటే టెన్షన్ అంతా దాని గురించే. ఉపవాసం అక్కర్లేదు, టిఫిన్ చేసే వెళ్ళండి. ముందు పైలోకార్పిన్ చుక్కలు వేస్తారు, కనుపాప బాగా ముడుచుకుని ఐరిస్ సాగి పల్చబడాలని. కనుబొమ పైన కొంచెం నొప్పి వస్తుంది, చూపు చీకటిగా ఉంటుంది, కంగారు పడకండి. ప్రెషర్ పెరగకుండా ఇంకో చుక్క, మొద్దుబారడానికి ఒక చుక్క. గడ్డం ఆనించి కూర్చోబెట్టి కంటి మీద ఒక లెన్స్ పెడతారు. రెప్ప వేయాలన్నా పడదు. టిక్, టిక్ అని శబ్దం, ప్రతి దెబ్బకీ సూదితో పొడిచినట్టు చిన్న చురుకు. మన ఐరిస్‌లు ముదురు రంగు, మందం కాబట్టి కొన్నిసార్లు ఎక్కువ దెబ్బలు పడతాయి, లేదా ముందు వేరే రకం లేజర్‌తో పల్చన చేస్తారు. చిల్లు పడగానే వెనక నుంచి రంగు పొడి కలిసిన నీళ్ళు బుస్సున ముందుకొస్తాయి, డాక్టరు చూసేది దానికోసమే. చిన్న నెత్తురు చార వస్తే లెన్స్‌తో కాసేపు నొక్కి ఆపుతారు. కంటికి ఐదు పది నిమిషాల పని.

అయ్యాక లేచి వచ్చేయకండి. ఓ గంట కూర్చుని మళ్ళీ ప్రెషర్ కొలిపించుకోండి, కొందరికి ఆ గంటలోనే పెరుగుతుంది. ఆ రోజు మసకగా ఉంటుంది, బండి నడపొద్దు, తోడు తీసుకెళ్ళండి. స్టెరాయిడ్ చుక్కలు సుమారు వారం వేసుకోవాలి. నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, చూపు ఇంకా మసకబారుతున్నా మర్నాడు దాకా ఆగొద్దు. కొందరికి దీపం చూస్తే పక్కన సన్నటి తెల్లటి గీత కనిపిస్తుంది. చిల్లు పైరెప్ప అంచుకి సగం తగిలితే కన్నీటి పొర గుండా వెలుతురు వంగి ఆ గీత వస్తుందంటారు. చాలామందికి కొన్ని వారాల్లో అలవాటైపోతుంది, కొద్దిమందికి మిగిలిపోతుంది, ముందే తెలిసుండాలి.

ఎక్కువమంది వదిలేసేది ఆ తర్వాతి గోనియోని. కొందరికి చిల్లు బాగానే పడుతుంది, యాంగిల్ మాత్రం తెరుచుకోదు, ఎందుకంటే వాళ్ళ కంట్లో అడ్డం కనుపాప దగ్గర కాదు, ఐరిస్ మొదలే ముందుకి ఉంటుంది. మళ్ళీ చూడకపోతే ఇది తెలియదు. మైగ్రేన్‌కి ఇచ్చే టోపిరమేట్ వల్ల యాంగిల్ మూసుకుంటే అక్కడా ఈ చిల్లు పనిచేయదు, మందు ఆపాల్సిందే.

అమ్మా, ముందు వరసలో మీరు ఇందాకటి నుంచి చెయ్యెత్తుతున్నారు. శుక్లం ఆపరేషన్ అయిపోయింది, నాకూ చేయించాలా అని కదా? లావెక్కిన సొంత లెన్స్ తీసేసి పల్చటి లెన్స్ పెట్టారు కాబట్టి, ఐరిస్‌ని ముందుకి నెట్టేది పోయింది. ఈ రకం లేజర్ మామూలుగా మీకు అక్కర్లేదు. మీ చెల్లెలికి ఆపరేషన్ కాలేదంటున్నారు, ఆవిడని పంపండి, గోనియో చేయించుకోమనండి.