వానలో బ్లైండ్ స్పాట్ సెన్సర్ ఎంతవరకు పనికొస్తుంది? శ్రీకాకుళం నుంచి భోగాపురం దాకా నడిపి చూశాను

అందరికీ నమస్కారం. రణస్థలం దాటాక హైవే పక్కన టీ కొట్టు దగ్గర కారు ఆపి మాట్లాడుతున్నాను, వెనక వాన చప్పుడు గట్టిగానే వినిపిస్తుంది, కాస్త సర్దుకోండి. ఈ వీడియో వానలోనే తీయాలని పొద్దున్నించి ఆగాను. ఎందుకంటే ఎండలో ఈ సెన్సర్ బాగానే పని చేస్తుంది, దాని మీద చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

ముందు అదెక్కడుంటుందో చూపిస్తాను. ఇదిగో వెనక బంపర్, ఈ రెండు మూలల్లో ప్లాస్టిక్ వెనకాల చెరొక చిన్న రాడార్ ఉంటుంది, బయటికి కనపడదు. పక్క లేన్‌లో అద్దానికి కనపడని చోట బండి ఉంటే ఆ వైపు అద్దం మీద నారింజ లైటు వెలుగుతుంది. అప్పటికే మనం అటువైపు ఇండికేటర్ వేసి ఉంటే ఆ లైటు మిణుకుమిణుకుమంటూ బీప్ కూడా వస్తుంది. ఇండికేటర్ వెయ్యకుండా లేన్ మారే అలవాటున్న వాళ్లకి చాలా కార్లలో ఆ బీప్ అసలు వినపడదు, లైటొక్కటే దిక్కు.

ఇప్పుడు అసలు సంగతి. పైడిభీమవరం దగ్గర ఒక లారీ వెనకాల వెళ్తున్నాను, నా స్పీడు 80. లారీ చక్రాల నుంచి నీళ్లు పొగలాగా లేస్తున్నాయి. ఓవర్‌టేక్ చేద్దామని కుడి అద్దం చూశాను, లైటు లేదు, ఇండికేటర్ వేశాను. పక్క సీట్లో మా బావ ఉన్నాడు, వెనక్కి తిరిగి చూసి "బావా ఆగు, తెల్ల కారొస్తంది" అన్నాడు. స్టీరింగ్ అలాగే పట్టుకున్నాను. ఆ కారు నా వెనక డోరు పక్కకి వచ్చేసరికి లైటు వెలిగింది, వెలిగీ వెలగ్గానే కారు ముందుకు వెళ్లిపోయింది. "లైటు ఎలగనేదేటి బావా?" అని అడిగాడు. వెలిగిందిరా, కానీ నాకు పనికొచ్చే టైముకి వెలగలేదు.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. ఆ కారు 120లో వచ్చిందనుకోండి. నాకూ దానికీ తేడా 40 కిలోమీటర్లు, అంటే సెకనుకి 11 మీటర్లు దగ్గరికొస్తోంది. మామూలు రకం సిస్టమ్ మన అద్దం దగ్గర్నించి బంపర్ వెనక మూడు మీటర్ల దాకా మాత్రమే చూస్తుంది. ఆ మూడు మీటర్లు దాటడానికి ఆ కారుకి పావు సెకను పైచిలుకు చాలు. లైటు చూసి మనసుకి తట్టి చెయ్యి ఆగడానికే మనకి సెకను పడుతుంది. కాస్త ఖరీదైన రకాలు వేగంగా వస్తున్న బండిని చాలా ముందే, 60, 70 మీటర్ల దూరంలోనే పట్టుకుంటాయి, అప్పుడు ఆరు సెకన్లు దొరుకుతాయి. లేన్ మారడానికి నాలుగు సెకన్లు పడుతుందనుకుంటే ఆ ఆరు సరిపోతాయి. కానీ వానలో బంపర్ మీద నీటి పొర పేరుకుంటే, దాని మీద బురద కూడా తోడైతే, రాడార్ తరంగాలు ఆ పొరలోనే కొంత ఆగిపోయి చూపు తగ్గుతుంది. అది 20 మీటర్లకి పడిపోయిందనుకోండి, మన చేతిలో రెండు సెకన్లు కూడా ఉండవు. మీ కారుది ఏ రకమో యూజర్ మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటుంది, ఆ పేజీ ఒక్కటి తప్పకుండా చూడండి.

బురద బాగా పేరుకుంటే స్క్రీన్ మీద రాడార్‌కి అడ్డం ఉందని మెసేజ్ వచ్చి సిస్టమ్ ఆగిపోతుంది. అది వస్తే నాకు భయం లేదు, లేదని తెలుసు కాబట్టి జాగ్రత్తగా ఉంటాను. మెసేజ్ రాకముందు, చూపు సగం తగ్గి, పైకి అంతా బాగున్నట్టే కనపడే ఆ మధ్య సమయం ఉంది చూడండి, ఇవాళ నాకు జరిగింది అదే. దాన్ని పట్టుకోవడానికి నేనొక పని చేస్తాను. నా లేన్‌లో నిదానంగా వెళ్తూ, పక్క సీట్లో వాళ్లని కుడి అద్దం వైపు చూడమంటాను. దాటే బండి ఎక్కడికొచ్చాక లైటు వెలిగిందో వాళ్లు గట్టిగా చెప్పాలి. ఎండలో బంపర్‌కి చాలా వెనకుండగానే వెలిగేది వానలో డోరు దాకా వచ్చాక వెలుగుతుంటే, ఆ రోజుకి ఇక మెడ తిప్పి చూడటమే. ఆగినప్పుడు తడి గుడ్డతో బంపర్ మూలలు తుడవండి. అక్కడ స్టిక్కర్లు, బయట కొన్న ఇనుప గార్డులు వద్దు. బంపర్‌కి దెబ్బ తగిలితే షెడ్డులో ఆ మూలల్లో మందంగా పుట్టీ పెట్టి పెయింట్ వేయించకండి, రాడార్ దాని గుండానే చూడాలి.

ఎడమ వైపు సంగతి కూడా ఒక్క మాట. మన దగ్గర రోడ్డు అంచున ఎదురొచ్చే బైకులు మామూలే కదా, ఎదురు దిక్కున వచ్చే వాటికి చాలా సిస్టమ్‌లు లైటు వెలిగించవు, అవి చేసే పనే అది కాదు.

ఇంక బ్రైట్‌నెస్. ఇది ఎవరూ చెప్పగా నేను వినలేదు, అందుకే కాస్త వివరంగా చెప్తాను. కొన్ని కార్లలో హెడ్‌లైట్ వేస్తే అద్దం మీద లైటు దానంతటదే తగ్గుతుంది, రాత్రి కళ్లలో పడకూడదని. మంచిదే. కానీ పగలు వానలో మనం హెడ్‌లైట్ వేసుకుంటాం, వేసుకోవాలి కూడా, అప్పుడు కారు రాత్రి అనుకుని లైటు తగ్గించేస్తుంది. బయట వెలుతురు ఉంది, కిటికీ అద్దం మీద చినుకులు, వాటి వెనక ఆ మసక నారింజ చుక్క. నా కారులో అదే జరిగింది, ఇవాళ వెలిగిన లైటు కూడా సరిగ్గా కనపడలేదు. ఇప్పుడు బ్రైట్‌నెస్ ఎక్కువలో పెట్టాను, తేడా చూడండి, కెమెరాలో కూడా తెలుస్తోంది. రాత్రి మాత్రం దీన్ని ఒక మెట్టు తగ్గిస్తాను, లేకపోతే తడి కిటికీలో ఆ వెలుగు చెదిరి వెనకొచ్చే బండి హెడ్‌లైట్లని మింగేస్తుంది.

సౌండ్‌కి నా కారులో దారి ఇది, ఆపి ఉన్నప్పుడే మార్చండి:

```
Settings > Vehicle > Driver Assistance > Warning Volume
```

మీ కారులో పేర్లు కొంచెం వేరుగా ఉండొచ్చు. ఊళ్లో బీప్ చికాకని మా ఇంట్లో వాళ్లు దీన్ని Low లో పెట్టారు. కారు టాప్ మీద వాన, వైపర్, అద్దం మంచు పట్టకుండా ఫుల్లుగా పెట్టిన ఏసీ, ఇవన్నీ కలిస్తే Low వినపడదు. ఇందాక ఇండికేటర్ వేశాను కాబట్టి బీప్ వచ్చే ఉంటుంది, నేను వినలేదు, బావా వినలేదు. ఇప్పుడు High లో పెట్టాను. కొన్ని కార్లలో పార్కింగ్ బీప్ కూడా ఇదే సెట్టింగ్ కింద ఉంటుంది, అది కూడా గట్టిగా మోగుతుంది, ఖంగారు పడకండి. దాని పక్కనే Warning Timing అని ఉంటే దాన్ని Late లో మాత్రం పెట్టకండి, అసలే తక్కువున్న టైము ఇంకా తగ్గిపోతుంది.

టీ అయిపోయింది, వాన ఇంకా తగ్గలేదు. ఇక్కణ్ణించి పూసపాటిరేగ మీదుగా భోగాపురం దాకా బావ అద్దం చూస్తూ ఉంటాడు, లైటు ఎక్కడ వెలిగితే అక్కడ చెప్తాడు, కెమెరా ఆన్‌లోనే ఉంచుతున్నాను. బావా, అద్దం చూడు. వెళ్దాం.