ఖాళీగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు వేడెక్కింది?

(విజయనగరంలో డిసెంబర్ 14, విద్యుత్ పొదుపు దినం సందర్భంగా పాలిటెక్నిక్ విద్యార్థులు, లైన్‌మెన్ల ముందు మాట్లాడిన పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందరి పేర్లూ ఇప్పటికే రెండుసార్లు చదివారు కాబట్టి నేను మళ్లీ చదవను. నన్ను ఎల్ఈడీ బల్బుల గురించి, ఫైవ్ స్టార్ ఫ్యాన్ల గురించి మాట్లాడమన్నారు. అవి మీకు నాకన్నా బాగా తెలుసు. నేను మాట్లాడేది ఒక 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ గురించి. అది నన్ను ఇన్నేళ్లుగా వదల్లేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు స్తంభాలు, స్తంభాలతో పాటు ట్రాన్స్‌ఫార్మర్లు పడిపోయాయి. అప్పుడు మేమంతా రాత్రీ పగలూ పనిచేశాం. ఊళ్లు చీకట్లో ఉన్నాయి, ఎలాగైనా కరెంటు ఇవ్వాలి, అదే టెన్షన్. కాలిపోయినవాటిని రిపేరుకు పంపాం, వచ్చినవాటిని వచ్చినట్టే ఎక్కించాం. అలా ఎక్కించినవాటిలో ఒకటి, కొన్ని నెలల తర్వాత ఒక చలి రాత్రి, మా లైన్‌మన్ చేతికి చిక్కింది. పక్క లైన్ పని కోసం దాని ఎల్‌టీ వైపు, అంటే ఊళ్లోకి కరెంటు వెళ్లే వైపు, ఫ్యూజులన్నీ తీసేసి గంటలైంది. హెచ్‌టీ, అంటే 11 వేల వోల్టుల సరఫరా మాత్రం ఇంకా ఉంది. కిందనుంచి చూస్తే రేడియేటర్ గొట్టాల మీద మంచు తడి లేదు, పక్కనున్న ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉంది. నాకు ఫోన్ చేసి, "ఇదేటి బాబూ, లోడే లేదు కదా, ఇది ఇంత వేడిగా ఎందుకుంది?" అన్నాడు.

ఆ ప్రశ్నకి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈరోజు చెప్తాను.

లోడ్ లేకపోతే వైండింగుల్లో కరెంటు దాదాపు ఉండదు, కాబట్టి తీగ వేడెక్కి పోయే కాపర్ లాస్ లేదు. మిగిలేది కోర్, అంటే ఆ వైండింగులు చుట్టిన ఇనుము. హెచ్‌టీ ఉన్నంతసేపూ కోర్‌లో అయస్కాంతత్వం సెకనుకి 50 సార్లు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. ఊరు నిద్రపోయినా అది నిద్రపోదు. అక్కడ ఖర్చయ్యేది రెండు దారుల్లో ఖర్చవుతుంది. మీ పుస్తకంలో రెండూ పక్కపక్కనే ఉంటాయి, పరీక్షలో రెండూ కలిపి రాస్తారు, కానీ అవి వేరు వేరు జబ్బులు.

మొదటిది హిస్టెరిసిస్. ఈ మాట ఈవింగ్ అనే శాస్త్రవేత్త పెట్టింది, గ్రీకులో వెనకబడటం అని అర్థం. ఇనుముకి కాయిల్ చుట్టి కరెంటు పెంచుతూ పోతే దానిలో అయస్కాంతత్వం పెరిగి ఒకచోట ఆగిపోతుంది, అది సాచ్యురేషన్. ఇప్పుడు కరెంటు మెల్లగా సున్నాకి తెస్తే అయస్కాంతత్వం సున్నాకి రాదు, కొంత మిగిలిపోతుంది. దాన్ని పోగొట్టాలంటే కరెంటుని ఎదురు దిశలో కొంత పంపాలి. ఇంకా పంపితే అటువైపు సాచ్యురేట్ అవుతుంది. మళ్లీ వెనక్కి తెస్తే, వెళ్లిన దారిలో రాదు, వేరే దారిలో వస్తుంది. అడ్డంగా కరెంటు బలం, నిలువుగా అయస్కాంతత్వం వేసి గీస్తే ఒక సన్నని ఆకులాంటి బొమ్మ వస్తుంది. అదే హిస్టెరిసిస్ లూప్.

ఇనుప బైండింగ్ వైరు తీసుకుని ఒకేచోట అటూ ఇటూ పదిసార్లు వంచండి. వంచినచోట చెయ్యి పెడితే కాలుతుంది. మీరు పెట్టిన బలమంతా వైరు తిరిగి ఇవ్వలేదు, ఇవ్వనిది వేడైంది. కోర్‌లో జరిగేదీ అలాంటిదే. ఇనుములో చిన్న చిన్న అయస్కాంత గదులుంటాయి, ఆ గదుల గోడలు జరిగితేనే అయస్కాంతత్వం దిశ మారుతుంది. ఆ గోడలు మలినాల దగ్గర, లోపలి ఒత్తిడి ఉన్నచోట తట్టుకుని, గుంజితే తప్ప కదలవు. ఆ గుంజుడుకి అయిన ఖర్చే ఆకు లోపలి వైశాల్యం. ఆకు ఒక్కసారి చుట్టి వస్తే, ఒక ఘన మీటరు ఇనుములో ఎన్ని జౌళ్ల శక్తి వేడిగా పోయిందో ఆ వైశాల్యమే చెప్తుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీన్నే మీటర్ మీద చూపిస్తాను.

రెండోది ఎడ్డీ కరెంట్లు. మారే అయస్కాంతత్వం కాయిల్లో వోల్టేజ్ పుట్టించినట్టే కోర్ ఇనుములోనూ పుట్టిస్తుంది, ఇనుము కూడా కండక్టరే కదా. లోపల కరెంటు సుడులు తిరుగుతుంది. అందుకే కోర్‌ని దిమ్మగా పోయకుండా పలుచని రేకులుగా పేరుస్తారు. సుమారు 3 శాతం సిలికాన్ కలిపితే ఇనుము రెసిస్టివిటీ నాలుగింతలు దాటుతుంది, సుడికి అది ఒక అడ్డు. రేకు పలుచదనం ఇంకో అడ్డు. నేను తెచ్చిన ఈ రేకు 0.27 మిల్లీమీటర్లు. పంపిస్తున్నాను, చేతులు మార్చుకుంటూ చూడండి, అంచు పదునుగా ఉంటుంది, జాగ్రత్త. దాని మీద బూడిదరంగు పూత చూశారా? మైక్రాన్లలో లెక్కపెట్టే మందం. ఆ పూత ఈ రేకుని పక్క రేకు నుంచి వేరు చేస్తుంది. ఎడ్డీ లాస్ రేకు మందం వర్గంతో పెరుగుతుంది. రెండు రేకులు రెండు అంచుల దగ్గరా కలిసిపోతే అవి రెండు రేకులు కావు, రెట్టింపు మందం ఉన్న ఒక్క రేకు. కిలోకి నాలుగింతల లాస్. ఒక్క అంచు మాత్రమే తగిలితే సుడికి దారి పూర్తవదు, పెద్ద నష్టం లేదు. రెండో అంచు కూడా తగిలిందా, ఇక అంతే.

ఇప్పుడు మన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వద్దాం. దింపించి, అనుమతి తీసుకుని, ఇలాంటి పాలిటెక్నిక్ మెషిన్స్ ల్యాబ్‌కే పట్టుకెళ్లాను. రిపేరు రిపోర్టు తీసి చూస్తే రేషియో సరే, మెగ్గర్ సరే, వైండింగ్ రెసిస్టెన్స్ సరే. నో లోడ్ లాస్ అని ఒక గడి ఉంది, అది ఖాళీ. ఎవరూ నింపలేదు, ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, ఆ రిపోర్టు మీద నా సంతకమూ ఉంది. మెగ్గర్ వైండింగుల ఇన్సులేషన్ చూస్తుంది, రేకుల మధ్య పూత ఎలా ఉందో దానికి తెలీదు. రేషియో కూడా చెప్పదు. బాబూ, మీలో రేపు సబ్‌స్టేషన్‌లో కూర్చునేవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలీదు, ఆ గడి ఖాళీగా ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి. చేతులు జోడించి అడుగుతున్నాను.

ఓపెన్ సర్క్యూట్ టెస్ట్ పెట్టాం. ఎల్‌టీ వైపు 433 వోల్టులు ఇచ్చి, హెచ్‌టీ వైపు వదిలేశాం. వదిలేశాం అంటే ఆ బుషింగుల మీద 11 వేల వోల్టులు నిలబడి ఉన్నాయని అర్థం, చుట్టూ తాడు కట్టి పిల్లలెవరినీ దగ్గరికి రానివ్వలేదు. లో పవర్ ఫ్యాక్టర్ వాట్‌మీటర్లు రెండు పెట్టాం, ఒకటి వెనక్కి కొట్టింది, కనెక్షన్ తిప్పి దాని రీడింగుని రెండోదాని రీడింగులోంచి తీసేశాం. మొత్తం 390 వాట్లు. అదే తయారీ, అదే సైజు, ఎవరూ విప్పని ఇంకోదానికి 260. తేడా 130 వాట్లు. ఇంట్లో బల్బు ఆర్పేస్తాం, ఇది ఆరేది కాదు. ఏడాదికి 8,760 గంటలు, అంటే సుమారు 1,139 యూనిట్లు, ఎవరి మీటర్లోనూ పడకుండా నూనెలో కరిగిపోతున్నాయి.

130 ఎక్కువని తెలిసింది. ఎందుకో తెలియాలి. ఇక్కడే నాకు ఈ సబ్జెక్టు మీద ప్రేమ పుట్టింది. హిస్టెరిసిస్‌లో ఒక్క చుట్టుకి ఇన్ని జౌళ్లు అనేది స్థిరం, సెకనుకి ఎన్ని చుట్లైతే అన్ని రెట్లు. ఎడ్డీ మాత్రం ఫ్రీక్వెన్సీ వర్గంతో పెరుగుతుంది. కాబట్టి మొత్తం వాట్లని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే:

W/f = a + b·f

ఇందులో a హిస్టెరిసిస్, b·f ఎడ్డీ. రెండు ఫ్రీక్వెన్సీల దగ్గర కొలిస్తే రెండూ విడిపోతాయి. షరతు ఒక్కటే, కోర్‌లో ఫ్లక్స్, అంటే అయస్కాంతత్వం, చేరే పై హద్దు మారకూడదు, అంటే వోల్టేజ్‌ని కూడా ఫ్రీక్వెన్సీతో పాటే తగ్గించాలి. ల్యాబ్‌లో డీసీ మోటారుతో తిరిగే నాలుగు పోల్‌ల ఆల్టర్నేటర్ ఉంది. 1500 ఆర్‌పీఎం దగ్గర 50 హెర్ట్జ్. ఫీల్డ్ రియోస్టాట్ ముట్టుకోకుండా మోటారుని 1200కి దించితే 40 హెర్ట్జ్, వోల్టేజ్ తనంత తానే 346 దగ్గరికి దిగింది.

అప్పుడు రిపేరైనది 278 వాట్లు చూపించింది. 278ని 40తో భాగిస్తే 6.95. అంతకుముందు 390ని 50తో భాగిస్తే 7.8. పది హెర్ట్జ్‌కి 0.85 తేడా, కాబట్టి b 0.085, a 3.55. అంటే 50 హెర్ట్జ్ దగ్గర హిస్టెరిసిస్ 177.5, ఎడ్డీ 212.5 వాట్లు. బాగున్నదానికి 40 హెర్ట్జ్ దగ్గర 190 వచ్చింది, అదే లెక్కకి a 2.95, హిస్టెరిసిస్ 147.5, ఎడ్డీ 112.5.

ఆ 2.95, 3.55 ఏమిటో చూశారా? జౌళ్లు. ఆకు ఒక్కసారి చుట్టి రావడానికి కోర్ మొత్తం ఖర్చుచేసే జౌళ్లు. పుస్తకంలో బొమ్మగా చూసిన లూప్ వైశాల్యం వాట్‌మీటర్ మీదకి దిగొచ్చింది. ఈ లెక్కకి ఒక హద్దుంది. గోడలు కుదుపులతో జరిగినప్పుడు వచ్చే అదనపు లాస్ అని ఒకటుంది, దానికి ఫ్రీక్వెన్సీతో ఇంకో రకం సంబంధం, రెండు రీడింగులతో అది విడిపోదు, చాలావరకు ఎడ్డీ లెక్కలో కలిసిపోతుంది. అయినా పక్కపక్కన రెండు ఒకే రకం ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టి చూసినప్పుడు దారి కనిపిస్తుంది. హిస్టెరిసిస్ 30 పెరిగింది, ఎడ్డీ 100 పెరిగింది. జబ్బు ఎక్కువగా పూతలో ఉంది.

ట్యాంకు విప్పాం. కాయిల్ మార్చాలంటే కోర్‌ని పైన మూసే పైయోక్ రేకులు ఒక్కొక్కటీ తీసి, మళ్లీ పేర్చాలి. ఆ పేర్చడంలో ఇనుప సుత్తి వాడారు. అంచులు నలిగి, సన్నని ముళ్లలా వంగి పక్క రేకు మీద పడుకున్నాయి, రెండు వైపులా. నూనె మసి పోవడానికి ఎమెరీ కాగితం పెట్టి రుద్దినట్టున్నారు, పూత లేచిపోయి తెల్ల ఇనుము మెరుస్తోంది. యోక్ బోల్టు మీద ఉండాల్సిన ఇన్సులేటింగ్ గొట్టం పగిలిపోయింది, బోల్టు నేరుగా రేకులని గుచ్చుకుని ఉంది. సుత్తి దెబ్బకి లోపల ఒత్తిడి మిగిలి గోడలు మరింత బిగుసుకున్నాయి, ఆ 30 వాట్లు అక్కడివే. ఫ్యాక్టరీలో అయితే కోసిన రేకులని సుమారు 800 డిగ్రీల దగ్గర కాల్చి ఆ ఒత్తిడి తీస్తారు. మన ఊరి షెడ్డులో ఆ కొలిమి ఉండదు. అందుకే పాత యోక్ రేకులు పక్కన పెట్టి కొత్తవి తెప్పించాం, చెక్క సుత్తితో పేర్చాం, గొట్టం మార్చాం. మళ్లీ పెడితే 272 వాట్లు.

ఆ పాత యోక్ రేకులు రెండు నా సంచిలో ఉన్నాయి. ఇందాక ఇచ్చిన కొత్త రేకు చేతిలో ఉన్నవాళ్లు వీటిని పక్కన పెట్టి అంచు మీద గోరు నడపండి, తేడా గోటికే తెలుస్తుంది. ల్యాబ్ ఇన్‌చార్జ్ మేడమ్ ఆల్టర్నేటర్ తిప్పి ఉంచుతామన్నారు, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కనెక్ట్ చేసి పెట్టాం. భోజనాలయ్యాక రండి, 50 దగ్గర ఒక రీడింగు, 40 దగ్గర ఒక రీడింగు మీరే తీసి, a ఎంతో నాకు చెప్పండి.